‘చిన్న మార్పే కదా’కు లెక్క కట్టేదెలా?

సాఫ్ట్‌వేర్ చేయించుకునేవారు మధ్యలో మాట మారుస్తారని చేసేవారు అంటారు. చేసేవారు పని సాగదీస్తారని చేయించుకునేవారు అంటారు. ఇద్దరినీ కూర్చోబెట్టి వింటే ఇద్దరూ నిజమే చెబుతున్నట్టుంటుంది. ఫిబ్రవరిలో ఏం అనుకున్నారో, మార్చిలో ఫోన్‌లో ఏం అడిగారో, దానికి ఎవరు సరే అన్నారో ఏప్రిల్ నాటికి ఎవరికీ పక్కాగా గుర్తుండదు. ఎవరికి అనుకూలమైనది వారికి గుర్తుంటుంది. ఈ చిక్కుకు ఐటీ రంగంలో చాలాకాలంగా ఒక పద్ధతి ఉంది. అడిగిన ప్రతి మార్పునూ తేదీతో సహా ఒక పట్టికలో ఎక్కిస్తారు. దాన్నే చేంజ్ లాగ్ అంటారు. ఆ మార్పుకు ఎంత ఖర్చవుతుందో, గడువు ఎంత జరుగుతుందో చెప్పి, రాతపూర్వకంగా ఆమోదం వచ్చాకే పనిలో దిగుతారు. వినడానికి ఇంతే. చేసేటప్పుడు ఎక్కడెక్కడ తప్పుతుందో తెలియాలంటే ఒక పనిని తీసుకుని దగ్గరగా చూడాలి.

ఒక జిల్లా కేంద్రంలో మూడు క్యాంపస్‌లున్న ప్రైవేటు జూనియర్ కాలేజీ ఉందనుకుందాం. ఫీజుల వసూలుకు సాఫ్ట్‌వేర్ కావాలని హైదరాబాద్‌లోని ఒక చిన్న సంస్థకు పని అప్పగించారు. నలుగురు మనుషులు, పన్నెండు వారాలు, ₹9,60,000. ఫిబ్రవరి 3న మొదలుపెట్టి ఏప్రిల్ 28కి అప్పగించాలి. మే నెలలో అడ్మిషన్లు ఊపందుకుంటాయి కాబట్టి ఆ తేదీ కాలేజీకి ప్రాణం. పని మొదలయ్యే ముందు ఇరువైపులా కూర్చుని రిక్వైర్‌మెంట్లన్నీ రాసుకున్నారు. మొత్తం 31 అంశాలు. అందులో 12వది ఇలా ఉంది: ‘ప్రతి విద్యార్థి ఫీజు మూడు సమాన వాయిదాల్లో వసూలవుతుంది. వాయిదా తేదీలు కాలేజీ అంతటికీ ఒకటే.’

ఆ పత్రానికి వెర్షన్ 1.0 అని పేరు పెట్టి, తేదీ వేసి, కాలేజీ కరస్పాండెంట్ గారి సంతకం తీసుకున్నారు. చాలామంది తొందరపడి దాటేసే మెట్టు ఇదే. మొదట ఏం ఒప్పుకున్నామో రాసి లేనప్పుడు, తర్వాత అడిగేది మార్పో, మొదటి నుంచీ ఉన్నదో తేల్చే దారి ఉండదు. పునాది పత్రం లేని చేంజ్ లాగ్ ఒకవైపు ఫిర్యాదుల చిట్టాగా మిగిలిపోతుంది. పత్రం వంద పేజీలుండాల్సిన పనిలేదు. ప్రతి అంశానికీ ఒక నంబరు ఉండాలి, ఒక్కో అంశం ఒక్క విషయమే చెప్పాలి. ఏవేవి ఈ పనిలో లేవో కూడా ఆఖరున రాయాలి. హాస్టల్ మెస్ బిల్లులు, జీతాలు ఇందులోకి రావని అక్కడ ఒక్క వాక్యం ఉంటే ఆ తర్వాత ఎన్నో వాదనలు పుట్టకుండానే పోతాయి.

అదే పత్రంలో రాసుకోవలసిన మరో సంగతి, మార్పులకు ఆమోదం తెలిపే అధికారం ఎవరిదన్నది. కాలేజీ తరఫున మాట్లాడేవారు ముగ్గురు. కరస్పాండెంట్ గారికి రోజువారీ వసూళ్లు తెలియాలి. ప్రిన్సిపాల్ గారికి ఫీజు కట్టని పిల్లల జాబితా కావాలి. అకౌంటెంట్‌కు రసీదు పుస్తకానికీ బ్యాంకు ఖాతాకూ లెక్క కలవాలి. ముగ్గురూ మూడు రకాలుగా అడుగుతారు, ముగ్గురి అవసరమూ నిజమైనదే. మాట మార్చే క్లయింట్ అని మనం విసుక్కునే చోట చాలాసార్లు మాట మార్చిన మనిషి ఒక్కరూ ఉండరు. ముగ్గురు మనుషుల మూడు మాటలు ఒకరి గొంతుతో వరసగా మన చెవిన పడుతుంటాయి. అందుకే ఎవరైనా అడగవచ్చు, ఒక్కరే ఒప్పుకోవాలి అన్న కట్టుబాటు మొదటి రోజే పెట్టుకోవాలి. ఇక్కడ ఆ ఒక్కరు కరస్పాండెంట్ గారు.

మార్చి 11 ఉదయం ఆయన ఫోన్ చేశారు. ‘అమ్మా, చిన్న మార్పమ్మా. మంచి మార్కులొచ్చిన పిల్లలకు కన్సెషన్ ఇస్తాం కదా, అది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. ఇంకోటి, రైతుల పిల్లలు పంట డబ్బులొచ్చినప్పుడు కడతారు. వాళ్లకు మూడు వాయిదాలంటే కుదరదు. నాలుగో అయిదో పెట్టుకునేలా చూడండి’ అన్నారు.

ప్రాజెక్టు చూస్తున్న ఆమెకు రెండు సులువైన దారులున్నాయి. ‘అలాగే సార్’ అనేయడం ఒకటి. ‘పత్రంలో లేదు సార్, కుదరదు’ అనడం ఇంకొకటి. మొదటిదానితో ఏప్రిల్ 28 పోతుంది, రెండోదానితో సంబంధం పోతుంది. పైగా ఆయన అడిగినది అక్రమం కాదు. కాలేజీ నిజంగా నడిచే తీరే అది. తెర మీద బొమ్మ చూసేదాకా తనకేం కావాలో పూర్తిగా చెప్పగలిగిన మనిషి అరుదు, ఆ మాట మనకందరికీ వర్తిస్తుంది. ఆమె చెప్పవలసింది: ‘అర్థమైంది సార్. ఈ సాయంత్రంలోగా మీరు చెప్పినది రాసి పంపుతాను. ఎన్ని రోజులు పడుతుందో, ఎంతవుతుందో గురువారానికి చెబుతాను. మీరు చూసి ఒప్పుకున్నాక మొదలుపెడదాం.’

ఇందులో రెండు పనులున్నాయి, రెంటినీ కలపకూడదు. మొదటిది, విన్నది విన్నట్టు రాసి తిరిగి చూపించడం. ఫోన్ అయిన రోజే అది వెళ్లిపోవాలి. రెండోది, దాని ఖరీదు తేల్చడం. దానికి డెవలపర్‌తో, టెస్టర్‌తో కూర్చోవాలి, కాబట్టి రెండు రోజులు అడగాలి. ఫోన్‌లోనే ‘ఒక నాలుగు రోజులు పట్టొచ్చు సార్’ అని నోరు జారితే ఆ నాలుగే శిలాశాసనమై కూర్చుంటుంది.

అంచనా వేయడానికి కూర్చున్నాక ఆ చిన్న మార్పు అసలు రూపం బయటపడుతుంది. కన్సెషన్ ₹6,000 అయితే దాన్ని ఏ వాయిదాలోంచి తగ్గించాలి? మూడింటిలోనూ రెండేసి వేలా, ఆఖరి దానిలో మొత్తమా? మొదటి వాయిదా కట్టేసి రసీదు తీసుకున్నాక కన్సెషన్ మంజూరైతే ఏం చేయాలి? కన్సెషన్ ఎవరు ఇవ్వవచ్చు, ప్రిన్సిపాల్ గారు కూడానా? ఒక్కో విద్యార్థికి ఒక్కో వాయిదా తేదీ ఉంటే, ఈ నెల రావలసిన మొత్తమెంత అన్న రిపోర్టు కొత్తగా రాయాలి. తల్లిదండ్రులకు వెళ్లే ఎస్సెమ్మెస్‌లో వాయిదా నంబరు, తేదీ మారతాయి. మనదేశంలో ట్రాయ్ నిబంధనల ప్రకారం సంస్థలు పంపే ఎస్సెమ్మెస్‌ల నమూనా వాక్యాలను టెలికాం కంపెనీల డీఎల్‌టీ వేదిక మీద ముందే నమోదు చేయించాలి. నమోదైన వాక్యంతో సరిపోలని సందేశం వెళ్లదు. అంటే ప్రోగ్రాములో అయిదు నిమిషాల్లో మారిపోయే ఒక్క వాక్యం బయట కొత్త నమూనాకు ఆమోదం వచ్చేదాకా ఎదురుచూడాలి. మార్పు చిన్నదో పెద్దదో అడిగినవారి ఒక్కరి కంటికే తెలియదు, చేసేవారి ఒక్కరి కంటికీ తెలియదు. అది తాకే చోట్లన్నీ లెక్కపెడితేనే తెలుస్తుంది.

లెక్క కట్టగా తొమ్మిది రోజుల పని తేలింది. తెరలకు రెండు రోజులు, లెక్కలు మార్చడానికి మూడు, రసీదులకూ రిపోర్టులకూ రెండు, పరీక్షించడానికి రెండు. మనిషికి రోజుకు ₹4,000 చొప్పున ₹36,000. చేంజ్ లాగ్‌లో ఇది నాలుగో వరస. అందులో నంబరు, అడిగిన తేదీ, అడిగినవారు, మారే అంశం (వెర్షన్ 1.0లో 12), ఏం మారాలి, ఎందుకు, పని రోజులు, ఖర్చు, కొత్త గడువు, నిర్ణయం, నిర్ణయించినవారు, ఆ తేదీ వరసగా ఉంటాయి. ఎక్సెల్ షీటు చాలు. ‘ఎందుకు’ అన్న గడిని ఖాళీగా వదిలేసేవారు ఎక్కువ. నాకు మాత్రం పట్టిక మొత్తంలో విలువైన గడి అదే. ‘రైతు కుటుంబాలు పంట చేతికొచ్చినప్పుడు కడతాయి’ అని అక్కడ రాసి ఉంటే, తొమ్మిది రోజుల పనికి బదులు వేరే తేలిక మార్గం ఉందేమో ఆలోచించే వీలుంటుంది.

గురువారం ఆమె పంపిన మెయిల్ ఇలా ఉంది:

‘నమస్కారం సార్. మార్పు నంబరు 4 (మీరు మార్చి 11న ఫోన్‌లో చెప్పినది): ఒక్కో విద్యార్థికి వేర్వేరు కన్సెషన్, వేర్వేరు వాయిదాలు. మూడు దారులున్నాయి. ఒకటి: రెండూ ఇప్పుడే చేయడం. తొమ్మిది రోజుల పని, ₹36,000 అదనం, అప్పగింత ఏప్రిల్ 28 నుంచి మే 12కి జరుగుతుంది. రెండు: కన్సెషన్ ఒక్కటే ఇప్పుడు చేయడం. మూడు రోజులు, ₹12,000, గడువు మారదు. వేర్వేరు వాయిదాలు జూన్‌లో రెండో విడతగా చేద్దాం. మూడు: రెండూ ఇప్పుడే చేసి, అంశం 27 (హాస్టల్ గదుల ఖాళీల రిపోర్టు), అంశం 28 (పూర్వ విద్యార్థుల వివరాలు) జూన్‌కు వాయిదా వేయడం. అప్పుడు డబ్బు, గడువు రెండూ మారవు. ఈ లెక్క మార్చి 18 వరకు వర్తిస్తుంది. ఏ దారో చెబుతూ ఈ మెయిల్‌కు జవాబిస్తే మొదలుపెడతాం. అప్పటిదాకా అంశం 12ను వెర్షన్ 1.0లో ఉన్నట్టే చేస్తూ ఉంటాం.’

ఈ మెయిల్‌లో ‘కుదరదు’ అన్న మాట ఎక్కడా లేదు. ఆయన మీద నింద లేదు. మార్పు కావాలా వద్దా అన్న నిర్ణయం ఆయన దగ్గరే ఉంది. కాకపోతే ఇప్పుడు దాని ధర, తేదీ కనిపిస్తున్నాయి. సినిమా హాలు టికెట్టు ధర చూశాక ఏ వరసలో కూర్చోవాలో ఎంచుకున్నట్టు, తనకేది ముఖ్యమో ఆయనే తేల్చుకుంటారు. మే 12 అంటే అడ్మిషన్ల నడుమ పడుతుందని ఆయనకు వెంటనే తెలిసిపోతుంది. ‘రెండోది సరే, కానివ్వండి’ అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. అంతే చాలు. స్టాంపు పేపరు అక్కర్లేదు. మన ఐటీ చట్టం, 2000లోని సెక్షన్ 10ఏ ప్రకారం ఎలక్ట్రానిక్ రూపంలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదు. అసలు ఒప్పందంలో ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. ‘మార్పులకు మెయిల్ ద్వారా వచ్చిన ఆమోదం చెల్లుతుంది’ అని అక్కడ ముందే రాసుకుంటే తర్వాత ఎవరికీ సందేహం ఉండదు.

గడువు మార్చి 18 అని ఎందుకు పెట్టారని అడగవచ్చు. మార్చి 19 నుంచి డెవలపర్ రసీదుల భాగంలోకి దిగుతాడు. ఆ భాగం పాత పద్ధతిలో పూర్తయ్యాక ఇదే మార్పు అడిగితే, రాసినది విప్పి మళ్లీ రాయాలి, పరీక్షించినది మళ్లీ పరీక్షించాలి. అంచనాకు కాలపరిమితి లేకపోతే మార్చిలో చెప్పిన ధరకే ఏప్రిల్ ఆఖరున పని అడుగుతారు.

మన దగ్గర మాటలన్నీ వాట్సాప్‌లోనే నడుస్తాయి. క్లయింటు రాత్రి పదికి వాయిస్ మెసేజ్ పెడతారు, మనం బొటనవేలు గుర్తు పెడతాం. కెనడాలోని సస్కాచెవాన్‌లో అవిసె గింజల ఒప్పందం ఫోటో ఫోన్‌కు పంపితే ఒక రైతు బొటనవేలు గుర్తుతో జవాబిచ్చాడు. అది సంతకంతో సమానమేనని అక్కడి కోర్టు 2023లో తీర్పు చెప్పింది. ఒప్పందం అందిందని మాత్రమే చెప్పానన్నది ఆ రైతు వాదన. ఆ గుర్తుకు అర్థమేమిటో తేల్చడానికే కోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది. కాబట్టి వాట్సాప్‌లో అడిగితే అడగనివ్వండి, ఆపలేం. జవాబుగా మాత్రం ‘దీన్ని మార్పు నంబరు 8గా రాసుకున్నాను సార్, వివరాలు మెయిల్‌లో పంపుతున్నా’ అనే వాక్యం వెళ్లాలి, బొటనవేలు కాదు.

జవాబు రాకపోతే? ‘మూడు రోజుల్లో చెప్పకపోతే ఒప్పుకున్నట్టే భావిస్తాం’ అని కొందరు రాస్తారు. డబ్బు, గడువు ఉన్నచోట అది పనికిరాదు. బిల్లు వేసిన రోజున ‘నేనెప్పుడు ఒప్పుకున్నాను?’ అనే ప్రశ్న తప్పదు. దానికి తలకిందులుగా పెట్టుకోవాలి: జవాబు రాకపోతే పాత ఒప్పందం ప్రకారమే పని నడుస్తుంది. పై మెయిల్‌లో ఆఖరి వాక్యం అందుకే ఉంది. సంతకానికి వెనకాడే పెద్దమనుషులు కూడా ఉంటారు. రాసిచ్చినదానికి రేపు తనను నిలదీస్తారన్న భయం వారిది. వారితో వాదించి లాభం లేదు. సోమవారం అరగంట కూర్చుని పట్టిక తెరిచి, ఒక్కో వరసా చదివి వినిపించి, నిర్ణయం గడిలో వారి ఎదుటే రాసి, ఆ పట్టికనే ఇరువైపులవారికీ మెయిల్ చేయడం మేలు. వారంవారం తనకు కనిపిస్తున్న కాగితానికి మనిషి భయపడడు. దాచి ఉంచి గొడవ వచ్చిన రోజున ఒక్కసారిగా బయటపెట్టిన చేంజ్ లాగ్ మాత్రం ఎంత నిజమైనదైనా కత్తిలాగే తగులుతుంది.

అన్నిటికంటే కష్టమైన తగాదా, ఇది మార్పా, తప్పా అన్నది. కన్సెషన్ తీసేశాక మిగిలిన మొత్తం తప్పుగా చూపిస్తే అది బగ్, ఉచితంగా సరిచేయాలి. మూడు సమాన వాయిదాలన్నప్పుడు ₹20,000ను మూడుతో భాగిస్తే పైసలొస్తాయి, ఆ పైసలు ఏ వాయిదాలో కలపాలి? అది మార్పూ కాదు, తప్పూ కాదు. పత్రంలో చెప్పకుండా వదిలేసిన ఖాళీ. దానికి వివరణ రాసుకుంటే చాలు. వాయిదాలు నాలుగు కావాలంటే అది మార్పు. ఈ మూడింటినీ విడదీయకపోతే ఎంత పెద్ద సంస్థలైనా చిక్కుకుంటాయి. అమెరికాలో ఎఫ్‌బీఐ కోసం ఎస్‌ఏఐసీ అనే కంపెనీ ‘వర్చువల్ కేస్ ఫైల్’ అనే వ్యవస్థ తయారుచేసింది. సుమారు 17 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2005లో దాన్ని పక్కన పడేశారు. మధ్యలో లోపాల జాబితా మీద ఇరుపక్షాలూ తగువు పడితే మధ్యవర్తి దగ్గరికి వెళ్లింది. 59 అంశాల్లో 19 ఎఫ్‌బీఐ మార్చిన రిక్వైర్‌మెంట్లని, మిగిలిన 40 కంపెనీ తప్పులని తేలింది. ఇరువైపులా కొంత నిజం ఉంది. అది తేల్చడానికి మూడో మనిషి రావలసి వచ్చింది.

చేసేవారు చేంజ్ లాగ్‌ను తమ తప్పులు కప్పిపుచ్చుకునే కంబళిగా వాడుకోకూడదని నేను గట్టిగా చెబుతాను. బగ్‌ను మార్పుగా రాసి ఒక్కసారి డబ్బు అడిగినా, ఆ తర్వాత నిజమైన మార్పుకు కూడా క్లయింటు సంతకం పెట్టరు. అనుమానం ఉంటే వెర్షన్ 1.0లోని అంశాన్ని ఇద్దరూ కలిసి చదవాలి. రెండు అర్థాలకూ తావుంటే రాసినవారిదే పొరపాటనుకుని ఖర్చు భరించడం దీర్ఘకాలంలో చవక.

చిన్నాచితకా మార్పులకు ఇంత తతంగం అవసరమా అన్న ప్రశ్న న్యాయమైనదే. రసీదు మీద కాలేజీ లోగో కాస్త పెద్దది చేయమంటే మెయిళ్లు నడపడం వెర్రితనం. అరపూటలో అయ్యేవాటికి ఆమోదం అక్కర్లేదని ముందే అనుకోవచ్చు. అయినా పట్టికలో మాత్రం ఎక్కించాలి, ఖర్చు గడిలో ₹0 అని రాసి. ఇలాంటివి ఓ ఇరవై పోగైతే పది రోజుల పని అవుతుంది. రాసుకోకపోతే ఆ పది రోజులు ఎటు పోయాయో చేసేవారికే తెలియదు, గడువు తప్పినందుకు మాట మాత్రం పడాలి. రెండేసి వారాల స్ప్రింట్లలో పనిచేసే బృందాల్లోనూ పద్ధతి ఇంతే. నడుస్తున్న స్ప్రింటులోకి కొత్తది నేరుగా దూరదు, తర్వాతి దానికి వరసలో నిలబడుతుంది. అది ముందుకు రావాలంటే ఏది వెనక్కి వెళ్లాలో క్లయింటు చెప్పాలి.

ఈ పద్ధతికి చేతకానివీ ఉన్నాయి. సొంత కంపెనీ యజమానే క్లయింటుతో భోజనానికి వెళ్లి ‘అది మావాళ్లు చేసేస్తారు లెండి’ అని మాటిచ్చి వస్తే పట్టిక ఏమీ చేయలేదు. ఆ మాట కూడా ఒక వరసగా ఎక్కాలి, అడిగినవారి గడిలో యజమాని పేరు ఉండాలి. ఆయన ఉచితంగా ఇచ్చిన రోజులు ఎన్నో ఆయనకు కనపడాలి. ప్రభుత్వ నిబంధన మారి తప్పనిసరిగా వచ్చే మార్పులను వాయిదా వేయమని అడగలేం. అక్కడ వెసులుబాటు డబ్బులోనూ గడువులోనూ మాత్రమే వెతుక్కోవాలి.

మార్చి ఆఖరుకు మన కాలేజీ పట్టికలో పదకొండు వరసలు చేరాయి. ఏడింటికి ఆమోదం వచ్చింది, మూడు జూన్‌కు వాయిదా పడ్డాయి, ఒకటి వద్దనుకున్నారు. అదనంగా ఒప్పుకున్న మొత్తం ₹28,000, గడువు అదే ఏప్రిల్ 28. ఆ పదకొండింటినీ ‘మారే అంశం’ గడి ప్రకారం సర్ది చూస్తే ఆరు వరసలు అంశం 12 చుట్టూనే తిరుగుతున్నాయి. కన్సెషన్, వాయిదాలు, ఆలస్య రుసుము, చెల్లని చెక్కు, అన్నదమ్ములిద్దరూ చదివితే తగ్గింపు, మధ్యలో మానేసినవారి బకాయి. కరస్పాండెంట్ గారు ఊరికే మనసు మార్చుకోవడం లేదు. రిక్వైర్‌మెంట్లు రాసుకున్న రోజున గదిలో ఆయనా, ప్రిన్సిపాల్ గారూ ఉన్నారు. రోజూ కౌంటరు దగ్గర కూర్చుని, ఏ తండ్రికి ఎన్ని రోజులు వాయిదా ఇచ్చారో నోటు పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకునే అకౌంటెంట్‌ను ఎవరూ పిలవలేదు. మరుసటి రోజే ప్రాజెక్టు చూసే ఆమె, డెవలపర్ ఇద్దరూ బస్సెక్కి వెళ్లి ఒక పూటంతా ఆ కౌంటరు వెనక కూర్చున్నారు. పుస్తకంలోని పద్ధతులన్నీ ఒక్కొక్కటిగా రాసుకుని, అంశం 12ను కొత్తగా తొమ్మిది వాక్యాల్లో తిరగరాశారు. ముందుగా అకౌంటెంట్‌కు చదివి వినిపించి, ఆ తర్వాత వెర్షన్ 1.1 మీద కరస్పాండెంట్ గారి సంతకం తీసుకున్నారు.